కరపత్రం ఫొటో నుంచి బిగించిన అలమారా దాకా

విడి చెక్కలుగా అట్టపెట్టెలో వచ్చే అలమారాతో పాటు బిగించే విధానం చెప్పే కరపత్రం ఒకటి వస్తుంది. అందులో ప్రతి చెక్కకూ, ప్రతి బోల్టుకూ ఒక అంకె ఉంటుంది. బొమ్మలో బాణం గుర్తు పక్కన ఉన్న అంకె, కింది వాక్యంలోని అంకె ఒకే వస్తువును చూపాలి. అనువాదంలో మాటలు కాస్త అటూ ఇటూ అయినా పని నడుస్తుంది గానీ, అంకె మారితే చెక్క తలకిందులుగా బిగుస్తుంది.

జర్మనీలో చదువుకుంటున్న తెలుగు విద్యార్థి ఒకరు పాత పుస్తకాల అలమారా కొన్నారనీ, దానితో జర్మన్ కరపత్రం ఫొటో మాత్రమే దొరికిందనీ అనుకుందాం. మొదట చూడాల్సింది ఫొటోనే. పేజీని మడతలు లేకుండా పరిచి, సరిగ్గా పైనుంచి, ఒక్కో పేజీని విడిగా తీసినదైతే మంచిది. ఫొటో తలకిందులుగా ఉంటే 6, 9 తారుమారవుతాయి. మసకగా ఉంటే 1, 7 కలిసిపోతాయి. ఫొటోలోని అక్షరాలను ఫోన్‌తో చదివించినప్పుడు ఇంకో చిక్కు వస్తుంది. పేజీలో రెండు వరుసలు ఉంటే ఫోన్ అడ్డంగా చదువుకుపోయి మూడో అంచె వాక్యానికి అయిదో అంచె వాక్యాన్ని అతికిస్తుంది. బొమ్మ మధ్యలోని అంకెలనూ వాక్యంలోకి లాగేస్తుంది. అందుకే ఒక్కో అంచెను విడిగా కత్తిరించుకుని చదివించాలి. వచ్చిన పాఠాన్ని ఫొటో పక్కన పెట్టి ప్రతి అంకెనూ కంటితో సరిచూడాలి.

అంచెల జోలికి వెళ్లకముందే వస్తువుల జాబితా పేజీని పూర్తి చేయాలి. ఈ అలమారాలో 1 ఎడమ పక్క చెక్క, 2 కుడి పక్క చెక్క. 3, 4, 5 వరుసగా పై చెక్క, అడుగు చెక్క, నడిమి చెక్క. 6 కదిలించగల అరలు రెండు, 7 వెనక వచ్చే పలుచని అట్ట. బిగింపు సామానులో 11 చెక్క డోవెల్ (6), 12 బోల్టు (12), 13 బోల్టు తలను పట్టి బిగించే గుండ్రటి లాక్ (12), 14 అర కింద పెట్టే చిన్న పిన్ను (8), 15 మేకు. ఈ 12, 13ల జతనే మన వడ్రంగులు మినీఫిక్స్ అంటారు. ప్రతి అంకెకూ ఒకే తెలుగు పేరు పెట్టుకుని చివరిదాకా దాన్నే వాడాలి. ఒకచోట బోల్టు, మరోచోట స్క్రూ అని రాస్తే చదివేవారు రెండు వస్తువుల కోసం వెతుకుతారు. అచ్చులో అంకెల బదులు ఇంగ్లిష్ అక్షరాలుంటే వాటినీ తెలుగులోకి మార్చకుండా అలాగే ఉంచాలి, ఎందుకంటే బొమ్మలో కనిపించేవి అవే. కొలతల్లో జర్మన్ అచ్చు చుక్క బదులు కామా వాడుతుంది. 3,5 అంటే మూడున్నర మిల్లీమీటర్లు.

ఇక రెండో అంచె. 1, 2 చెక్కల్లోకి 12 బోల్టులను ఆరేసి చొప్పున తిప్పాలని జర్మన్ వాక్యం చెబుతుంది. ఆ ‘ఏసి’ అర్థాన్నిచ్చే రెండక్షరాల మాట అందులో చాలా చిన్నది, కంటికి ఆనదు. దాన్ని వదిలేస్తే ‘ఆరు బోల్టులు బిగించండి’ అని వస్తుంది. ఇంకో ఇబ్బందీ ఉంది. ఇక్కడ 12 అనేది వస్తువు అంకె, లెక్క కూడా 12. రెండూ కలిసిపోకుండా వస్తువు అంకెను బ్రాకెట్‌లో, పేరుకు ఆనించి రాయాలి: ‘ఎడమ పక్క చెక్కకు (1) ఆరు, కుడి పక్క చెక్కకు (2) ఆరు చొప్పున బోల్టులు (12) తిప్పి బిగించండి.’ అంకెలన్నిటినీ వాక్యం చివర గుదిగుచ్చితే ఏది దేనిదో తెలియదు.

మూడో అంచెలో 3, 4, 5 చెక్కలకు నాలుగేసి లాకులు (13) పెట్టాలి. లాకు ముఖం మీది బాణం చెక్క అంచువైపు, అంటే బోల్టు దూరే రంధ్రం వైపు ఉండాలి. ఈ మాట వాక్యంలో లేకుండా బొమ్మలోనే ఉండవచ్చు. అప్పుడు దాన్ని అనువాదంలో ఒక వాక్యంగా చేర్చాలి. బొమ్మలో చెక్కలు నేల మీద పడుకోబెట్టి ఉంటాయి కాబట్టి ఎడమ, కుడి అనేవి చూసే దిక్కును బట్టి మారతాయి. అక్కడ దిక్కు కన్నా 1, 2 అంకెలనే నమ్మాలి.

అనువాదం పూర్తయ్యాక లెక్క సరిచూడాలి. అన్ని అంచెల్లో వాడిన బోల్టులను కూడితే జాబితాలోని 12 రావాలి. రెండో అంచెలో ఆరే అని రాసి ఉంటే మిగతా ఆరు ఎక్కడా కనిపించవు, తప్పు ఎక్కడుందో అక్కడే తెలుస్తుంది. తర్వాత ప్రతి బొమ్మలోని అంకెలను వాక్యంలోనూ, వాక్యంలోని అంకెలను బొమ్మలోనూ వెతకాలి. ముందే బిగించిన చెక్కలకు తర్వాతి బొమ్మల్లో అంకె వేయకపోవచ్చు, అది తప్పు కాదు. ఈ లెక్కకు అందని వస్తువు సాధారణంగా ఒకటే: అలమారా ముందుకు పడిపోకుండా గోడకు బిగించే స్క్రూ. గోడ రకాన్ని బట్టి అది మారుతుంది కనుక చాలా కంపెనీలు దాన్ని పెట్టెలో ఇవ్వవు. బొమ్మలో కనిపించి జాబితాలో లేని ఆ స్క్రూను విడిగా కొనుక్కోవాలని ఆఖరి అంచెలో స్పష్టంగా రాయాలి.