వేయి బీడీల లెక్కలో ఒక తల్లి ఏడాది

సోలాపూర్ తూర్పు భాగంలో, అంటే సాఖర్‌పేట్, దాజీపేట్, భద్రావతి పేట్, అశోక్ చౌక్ పరిసరాల్లో, 19వ శతాబ్దపు చివరి దశాబ్దాల నుంచి తెలంగాణ జిల్లాల నుంచి వలస వచ్చిన పద్మశాలి కుటుంబాలు స్థిరపడ్డాయి. మగవారు మొదట మిల్లుల్లోను, తర్వాత మరమగ్గం మీద దుప్పట్లు, తువాళ్లు నేసే కార్ఖానాల్లోను పని చేయగా, ఆడవారిలో వేల మంది ఇంటి దగ్గర కూర్చుని బీడీలు చుట్టి సంసారానికి రెండో ఆదాయం తెచ్చారు. భర్త మరణించిన, లేదా విడిచి వెళ్లిన ఇంట్లో ఆ రెండో ఆదాయమే ఏకైక ఆదాయంగా మారుతుంది. అటువంటి ఇంటి బడ్జెట్‌ను నెల లెక్కగా చూసినంత కాలం అది అర్థం కాదన్నది ఈ కథనపు వాదన. ఆ ఇంట్లో రాబడి వేయి బీడీల చొప్పున వస్తుంది, బడి ఖర్చు ఏడాదికి ఒకసారి మీద పడుతుంది. నెల అన్నది ఈ రెండింటి మధ్య అద్దె కట్టే తేదీ మాత్రమే.

రాబడి ఎలా పుడుతుందో ముందుగా తెలుసుకోవాలి. కార్ఖానా వారు వేయి బీడీలకు ఇంత అని తూచి తునికాకు, తంబాకు, దారం ఇస్తారు. ఆమె ఆకును తడిపి, కత్తిరించి, చుట్టి, కట్టలు కట్టి తిరిగి అప్పగిస్తుంది. ఇచ్చిన ఆకులో చిల్లులు, ఈనెలు ఎక్కువగా ఉంటే వేయి పూర్తి కావు. లోటును తన డబ్బుతో ఆకు కొని పూడ్చుకోవాలి. అప్పగించిన వాటిలో కొన్నింటిని బాగా లేవని పక్కన పడేస్తారు, దీన్నే ఛాట్ అంటారు, ఛాట్‌లో పోయిన బీడీలకు కూలి రాదు. కనుక రేటు ఎంత ఉన్నా చేతికి వచ్చేది ఆకు నాణ్యత మీద, ఆమె ఆరోగ్యం మీద, కార్ఖానా ఎన్ని రోజులు పని ఇచ్చిందన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. జ్వరంతో నాలుగు రోజులు పడుకుంటే ఆ నాలుగు రోజుల కూలి పూర్తిగా పోయినట్టే.

ఈ పరిస్థితిని ఒక నమూనా కుటుంబంతో పరిశీలించవచ్చు. ఇక్కడి ధరలు, ఖర్చులు లెక్క కోసం అనుకున్నవి. ఎవరి ఇంటికి వారు తమ అంకెలు వేసుకోవాలి. తల్లి, తొమ్మిదో తరగతి చదివే కూతురు, అయిదో తరగతి చదివే కొడుకు ఒక అద్దె గదిలో ఉంటారు. భవిష్య నిధి కోత పోగా వేయి బీడీలకు 200 రూపాయలు చేతికి వస్తాయనుకుంటే, 25 వేలు చుట్టిన మంచి నెలలో 5,000, 20 వేలు చుట్టిన మధ్యస్థపు నెలలో 4,000, పదహారు వేలతో ఆగిన నెలలో 3,200 వస్తాయి. దీనికి మహారాష్ట్ర ప్రభుత్వం 2024 జూలై నుంచి అమలు చేస్తున్న ముఖ్యమంత్రి మాఝీ లాడ్‌కీ బహీణ్ పథకం కింద నెలకు 1,500 కలుస్తాయి. ఖర్చు వైపు అద్దె 1,000, కరెంటు 300, రెండు నెలలకు ఒక సిలిండర్ చొప్పున గ్యాస్ 450, పప్పు, నూనె, కూరగాయలు, పాలు, టీ కలిపి 2,000, సబ్బులకు, చిన్నపాటి మందులకు 400, ఫోనుకు 200, సొంతంగా కొనే ఆకుకు 150, మొత్తం 4,500. బియ్యం, గోధుమలు రేషన్‌లో మనిషికి అయిదు కిలోల చొప్పున ఉచితంగా వస్తాయి కనుకనే ఈ మొత్తం ఇంత తక్కువగా ఉంది.

మంచి నెలలో 2,000 మిగులుతుంది, మధ్యస్థపు నెలలో 1,000, బలహీన నెలలో 200. ఇంటి ఖర్చును ఎప్పుడూ ఆ బలహీన నెలకే సరిపోయేలా కట్టుకోవాలి. సగటు రాబడిని చూసి కట్టుకున్న బడ్జెట్ సంవత్సరంలో కనీసం మూడు నెలలు తప్పకుండా విరుగుతుంది, విరిగిన ప్రతిసారీ కిరాణా కొట్టులో ఉద్దెర పెరుగుతుంది. ఏడాదిలో మంచి నెలలు అయిదు, మధ్యస్థపు నెలలు నాలుగు, బలహీన నెలలు మూడు అనుకుంటే మొత్తం మిగులు 14,600. ఇందులో పిల్లల చదువుకు 6,600 కావాలనుకుందాం: జూన్‌లో నోటు పుస్తకాలు, బూట్లు, సంచి, కూతురి యూనిఫాం కలిపి 4,200, మిగిలిన 2,400 ఏడాది పొడవునా ప్రాజెక్టు సామానుకు, పరీక్ష రుసుములకు. పండుగలకు, వైద్యానికి మరో 5,000 తీస్తే, దీపావళి బోనస్ కాకుండా, సంవత్సరాంతంలో మిగిలేది 3,000.

ఇక్కడ ఒక విషయం స్పష్టంగా బయటపడుతుంది. లాడ్‌కీ బహీణ్ సొమ్ము సంవత్సరానికి 18,000. అది ఆగితే ఈ ఇల్లు 15,000 లోటులో పడుతుంది. అంటే ఈ కుటుంబానికి ఉన్న ఆపద్ధనమంతా ఆ ఒక్క బదిలీయే. 2025లో ఈ పథకానికి ఈ-కేవైసీ, అంటే ఆధార్‌తో గుర్తింపును ఆన్‌లైన్‌లో సరిచూపించుకోవడం, తప్పనిసరి చేసినప్పుడు భర్తదో తండ్రిదో ఆధార్ కూడా అడిగారు. భర్త లేని స్త్రీలు మరణ ధ్రువపత్రమో విడాకుల ఉత్తర్వో చూపించవలసి వచ్చింది. భర్త వదిలి వెళ్లిన స్త్రీ దగ్గర ఈ రెండూ ఉండవు. ఒంటరి తల్లి ఇంట్లో డబ్బు తర్వాత అంత విలువైనది కాగితమే అనడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

జూన్ సంగతికి వస్తే, మహారాష్ట్రలో బడి సాధారణంగా జూన్ మధ్యలో తెరుచుకుంటుంది. ఎనిమిదో తరగతి దాకా ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల్లో పాఠ్యపుస్తకాలు ఉచితంగా అందుతాయి కనుక కొడుకు భారం తేలిక. తొమ్మిదిలోకి అడుగు పెట్టగానే ఆ ఆసరా ఆగి, కూతురి ఖర్చు ఒక్కసారిగా పెరుగుతుంది. జూన్‌లో కావలసిన 4,200 అంటే 21 వేల బీడీలు, అంటే ఒక మధ్యస్థపు నెల కష్టమంతా. ఆ డబ్బును జూన్ రాబడి నుంచి తీయడం అసాధ్యం. అయితే ఈ ఇంటి సంవత్సరంలో దాదాపు అంతే మొత్తం ఒకసారి చేతికి వస్తుంది. చట్టం ప్రకారం కనీస బోనస్ ఏడాది కూలిలో 8.33 శాతం, నమూనా కుటుంబపు ఏడాది కూలి 50,600 కనుక బోనస్ సుమారు 4,200 అవుతుంది. అది దీపావళికి వస్తుంది, బడి జూన్‌లో తెరుచుకుంటుంది. మధ్యలో ఉన్న ఏడు నెలల పాటు ఆ సొమ్ము కరిగిపోకుండా కాపాడటమే ఈ బడ్జెట్‌లోని అసలు పని.

కాపాడటం చెప్పినంత సులువు కాదు. దీపావళి నాటికి కిరాణా ఉద్దెర, వానకాలపు ఆసుపత్రి ఖర్చు, బంధువుల చేబదుళ్లు ఎదురుచూస్తూ ఉంటాయి, బోనస్ వచ్చిన వారంలోనే వాటికి పోతుంది. అందుకే ఆ సొమ్మును ఇంట్లో ఉంచకుండా, రోజువారీ వాడే బ్యాంకు ఖాతాలో కూడా ఉంచకుండా, పోస్టాఫీసు పొదుపు ఖాతాలో వేరుగా వేయాలి. అక్కడ 500 రూపాయలతో ఖాతా తెరవవచ్చు. ఈ పేటల్లో ఎక్కువ మంది నమ్మేది భిశీని, అంటే పది పన్నెండు మంది నెలనెలా సమాన మొత్తం వేసి వంతుల వారీగా ఎత్తుకునే చీటీని. మే చివరి వంతు మాట్లాడుకుని పెట్టుకుంటే అది జూన్‌కు సరిగ్గా అందుతుంది. కాని భిశీలో ఏ నెలా తప్పడానికి వీల్లేదు, బలహీన నెలలో ఈ ఇంట్లో మిగిలేది 200 మాత్రమే. కనుక నెల వంతు 200 దాటే భిశీలో చేరడం ప్రమాదం.

జూన్‌కు డబ్బు లేనప్పుడు ఇంటి ముందుకు వచ్చేది గ్రూపు లోను. 30,000 రూపాయలను 24 శాతం వడ్డీతో 52 వారాల్లో తీర్చాలంటే వారానికి 650 దాకా, నెలకు 2,800 పైన కట్టాలి. సూక్ష్మ రుణాల మీద రిజర్వు బ్యాంకు 2022లో ఇచ్చిన నిబంధనల ప్రకారం కుటుంబపు వాయిదాలన్నీ కలిపి నెల రాబడిలో సగం మించకూడదు. మంచి నెలలో ఈ ఇంటి రాబడి 6,500 కనుక 3,250 వరకు నిబంధన ఒప్పుకుంటుంది. కాని మంచి నెలలో కూడా మిగిలేది 2,000 మాత్రమే. నిబంధనకు లోబడిన అప్పు సైతం ఈ ఇంటిని ముంచగలదు. ఆ తర్వాత జరిగే క్రమాన్ని గుర్తుపట్టవచ్చు: మొదట నెలాఖరుకు కిరాణా బాకీ తీర్చడం ఆగుతుంది, తర్వాత ఒక గ్రూపు వాయిదాకు మరో గ్రూపులో అప్పు పుడుతుంది, ఆ తర్వాత ఇంట్లో రోజువారీ బీడీల సంఖ్య అకస్మాత్తుగా పెరుగుతుంది. ఆ పెరుగుదల ఆదాయపు గుర్తు కాదు. బడి నుంచి వచ్చిన కూతురు ఆకు కత్తిరించడానికి కూర్చుందని అర్థం.

అప్పుకు ముందు అడగవలసినవి రెండు ఉన్నాయి. కేంద్ర కార్మిక శాఖ బీడీ కార్మికుల పిల్లలకు అయిదు నుంచి ఎనిమిదో తరగతి వరకు ఏడాదికి 1,500, తొమ్మిది, పది తరగతులకు 2,000 చొప్పున విద్యా సహాయం ఇస్తుంది. బీడీ కార్మికురాలి గుర్తింపు కార్డుతో జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో దరఖాస్తు చేయాలి. ఇద్దరికీ కలిపి 3,500. అంతకంటె పెద్దది రాష్ట్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ నడిపే బాల్ సంగోపన్ యోజన. తల్లిదండ్రుల్లో ఒకరినో ఇద్దరినో కోల్పోయిన పిల్లల పెంపకానికి ఒక్కొక్కరికి నెలకు 2,250 చొప్పున సహాయం ఇందులో అందుతుంది. ఇద్దరు పిల్లలకు అది 4,500, అంటే ఆమె బీడీ కూలితో దాదాపు సమానం. ఇంత పెద్ద మొత్తమైనా అది ఖాతాలో పడేదాకా బడ్జెట్‌లో రాయకూడదు. పడినప్పుడు నెల ఖర్చును పెంచకుండా, ముందు జూన్ సొమ్ముకు, తర్వాత మూడు బలహీన నెలలకు సరిపడే నిల్వకు మళ్లించాలి. జిల్లా కార్యాలయంలో దరఖాస్తు ఇచ్చే రోజు ఒక దినపు కూలి పోతుంది. ఆ వెయ్యి బీడీలు ఏడాదంతటిలో ఆమె పెట్టగల అత్యుత్తమ పెట్టుబడి.

ఇదంతా ఆమె ఒక్కతే సర్దుకోవాలనడం న్యాయం కాదు. సోలాపూర్ తెలుగువారికి స్వంతంగా కట్టుకున్న విద్యాసంస్థలు, సహకార ఆసుపత్రి, బ్యాంకింగ్ అనుభవం ఉన్నాయి. ఈ బడులు నడిపే పెద్దలు ఒక్క నిర్ణయం తీసుకోగలరు: ఒంటరి తల్లుల పిల్లలకు పుస్తకాలు, యూనిఫాం జూన్‌లోనే ఇచ్చి, వాటి సొమ్మును దీపావళి బోనస్ తర్వాత రెండు వాయిదాల్లో తీసుకోవాలి. వచ్చే విద్యా సంవత్సరానికి ఈ పద్ధతి మొదలుకావాలంటే పాలకవర్గాలు మార్చి సమావేశంలోనే తీర్మానం చేయాలి.