చెమట మెరుపు ఎవరిది?

2024లో వచ్చిన ‘కల్కి 2898 ఏడీ’లో అమితాబ్ బచ్చన్‌ను కంప్యూటర్ సాయంతో యువకుడిగా చూపించారు. ముఖాలను ఇలా మార్చేటప్పుడు చర్మం పెద్ద పరీక్షే పెడుతుంది.

ఎండలో హీరో బదులు డూప్ పరుగెత్తాడనుకోండి. నుదురంతా చెమట. హీరో ముఖాన్ని మాత్రం ఏసీ స్టూడియోలో తీశారు. అది పొడిగా ఉంది, బుగ్గల మీద గోధుమరంగు చుక్కలున్నాయి. దాన్ని డూప్ ముఖంపై నేరుగా అతికిస్తే ముసుగులా కనిపిస్తుంది. ఎందుకు?

చుక్కలు చర్మంలోని మెలనిన్ రంగు. తల తిప్పినా అక్కడే ఉంటాయి. మెరుపు అలా కాదు. జిడ్డు, చెమట పొర మీద తగిలి వెలుగు వెనక్కి రావడమే అది. తల కదిలితే చర్మంపై మెరుపు చోటు మారుతుంది.

అందుకే హీరో ముఖం నుంచి రంగు, చుక్కలు తీసుకుంటారు. మెరుపును డూప్ దృశ్యం నుంచి వేరుచేసి పైన కలుపుతారు. స్టూడియో దీపానికీ లెన్సుకూ పోలరైజర్లను 90 డిగ్రీల తేడాతో పెడితే హీరో ముఖంపై మెరుపు ముందే పోతుంది.

మొటిమే అసలు చిక్కు. అది ఉబ్బెత్తు కాబట్టి దానికి సొంత మెరుపు, చిన్న నీడ ఉంటాయి. డూప్ మొటిమ మెరుపును తుడవకపోతే హీరో నున్నటి బుగ్గపై కారణంలేని చుక్క మెరుస్తుంది. ఎండకు పూర్తిగా తెల్లబోయిన చోట వేరుచేయడానికి వివరాలే మిగలవు. అక్కడ మెరుపును కొత్తగా గీయాలి.

వీడియోను నెమ్మదిగా నడిపి చూడండి: తల తిరిగినా చర్మంపై మెరుపు చోటు మారకపోతే పని తప్పినట్టే.