పసుపు ముఖం, నీలి కిటికీ

ఇంట్లో సీమంతం వీడియో. అమ్మాయి ముఖం మీద పసుపు బల్బు వెలుగు, వెనక కిటికీలోంచి పగటి వెలుతురు. బల్బుది సుమారు 2,700 కెల్విన్, పగటిది 5,500 పైనే. అందుకే ఒక్క సవరణతో రెండూ కుదరవు. ముఖాన్ని సరిచేస్తే కిటికీ నీలమైపోతుంది.

ముందు ముఖమే ముఖ్యం. వైట్ బ్యాలెన్స్ పికర్‌తో, అదే బల్బు వెలుగు పడిన తెల్లచొక్కా మీద నొక్కండి. పట్టుపంచె మీద వద్దు, దాని మీగడ రంగును తెలుపనుకుని సాఫ్ట్‌వేర్ బొమ్మంతటినీ నీలానికి లాగేస్తుంది.

తర్వాత కిటికీ చుట్టూ మాస్క్ గీసి, అంచులు బాగా మెత్తబరచి, అక్కడ మాత్రమే టెంపరేచర్‌ను వెచ్చగా జరపండి. కెమెరా కదిలితే మాస్క్‌ను ట్రాక్ చేయాలి.

రెండు వెలుగులూ ఒకే చెంప మీద కలిసిన చోట ఇది పూర్తిగా లొంగదు. అక్కడ నీలం సాచురేషన్ కొంత తగ్గించడమే మేలు. చీర నీలిదైతే దాన్ని మినహాయించండి, లేకపోతే అదీ వెలిసిపోతుంది.