గృహప్రవేశానికి ముందే చేతులు మారిన తాళంచెవి

కొత్త ఇంటి తలుపుకు తాళం బిగించింది మొదలు గృహప్రవేశం నాటికి ఆ తాళంచెవి ఎందరి జేబుల్లో తిరిగిందో ఇంటివాళ్లకు లెక్క తెలియదు. టైల్స్ వేసినవాళ్లు, రంగులు వేసినవాళ్లు, కరెంటు పనివాళ్లు, కబోర్డులు చేసిన వడ్రంగి, అందరికీ ఏదో ఒక రోజు చెవి ఇవ్వాల్సిందే. వాళ్లలో ఎవరినీ అనుమానించనక్కర్లేదు. కానీ చెవి పోయిందనో, కాపీ అయిందనో తెలుసుకునే మార్గం కూడా లేదు. అందుకే తాళం కొనేటప్పుడు మొదట అడగాల్సింది హ్యాండిల్ రంగు గురించి కాదు. ఇందులో సిలిండర్ ఒక్కటే మార్చుకోవచ్చా అని అడగాలి.

మన ఇళ్ల తలుపులకు బిగించే తాళాలు ముఖ్యంగా మూడు రకాలు. తలుపు లోపలి ముఖానికి పెట్టెలా బిగించేది రిమ్ లాక్, దాన్నే చాలామంది నైట్ లాచ్ అంటారు. తలుపు అంచులో గూడు తొలిచి లోపల కూర్చోబెట్టేది మార్టిస్ లాక్. గుండ్రటి గుబ్బతో వచ్చేది సిలిండ్రికల్ లాక్. ఈ మూడోది పడకగదికీ స్నానాలగదికీ సరిపోతుంది, సింహద్వారానికి వద్దు. రిమ్ లాక్‌లో మూడు బోల్టులు ఒకేసారి పడేవి గట్టివే. పాత తలుపుకైనా పెద్దగా తొలవకుండా బిగించవచ్చు. మందం తక్కువైన తలుపుకు అదే మేలు, ఎందుకంటే గూడు తొలిస్తే సరిగ్గా తాళం ఉన్నచోటే చెక్క పలచబడిపోతుంది. 35 నుంచి 40 మిల్లీమీటర్ల మందమున్న గట్టి చెక్క తలుపైతే మార్టిస్ లాక్ నిశ్చింతగా పెట్టుకోవచ్చు.

మార్టిస్ లాక్‌లో మూడు భాగాలుంటాయి. బయటికి కనిపించే హ్యాండిల్, తలుపులో దాగే లాక్ బాడీ, చెవి దూరే సిలిండర్. షాపులో అద్దాల వెనక మెరిసేది హ్యాండిల్. డబ్బు ఎక్కువగా దానికే పోతుంది. దొంగతో తలపడేది మాత్రం వేలెడంత ఉండే ఆ సిలిండర్.

దాని పనితీరు తేలిక. లోపల వరసగా చిన్న పిన్నులు స్ప్రింగులపై నిలబడి ఉంటాయి. చెవి మీది గంట్లు ఒక్కో పిన్నును సరిగ్గా కావలసినంత ఎత్తుకు లేపితేనే సిలిండర్ తిరుగుతుంది. 1860ల్లో అమెరికాలో లైనస్ యేల్ జూనియర్ తీర్చిదిద్దిన పద్ధతి ఇది. ఐదు పిన్నులు, ఒక్కోదానికి ఆరు ఎత్తులు అనుకుంటే కాగితం మీద 7,776 రకాల చెవులు వస్తాయి. ఆరో పిన్ను చేరితే 46,656. నిజానికి వాడుకోగలిగేవి అంతకంటే తక్కువే అయినా, ఒక్క పిన్ను తేడా ఎంతో దీన్నిబట్టి అర్థమవుతుంది.

పెట్టె మీద ఈఎన్ 1303 అనే యూరప్ ప్రమాణం ఉంటే దాని పక్కన ఎనిమిది స్థానాల కోడ్ ఉంటుంది. చివరి రెండూ చూస్తే చాలు. ఏడో స్థానంలోని 1 నుంచి 6 వరకు ఉండే అంకె చెవి భద్రతను చెబుతుంది. 1 అంటే కనీసం 100 వేర్వేరు చెవులు, 6 అంటే కనీసం లక్ష. ఎనిమిదో స్థానం డ్రిల్లింగు, విరగ్గొట్టడం వంటి దాడులను ఎంత తట్టుకుంటుందో చెబుతుంది. అక్కడ 0 ఉంటే ఆ పరీక్షకే పెట్టలేదని అర్థం. ఏ, బీ, సీ, డీ అక్షరాల్లో ఒకటి ఉంటే కాస్త నమ్మవచ్చు.

ఇక లోహం. మంచి సిలిండర్ ఇత్తడిది. పైన నికెల్ పూత ఉన్నా, చెవి దూరే సందు అంచును టార్చ్ వేసి చూస్తే పసుపు కనబడుతుంది. బూడిదరంగు కనిపిస్తే అది జింక్ మిశ్రమమై ఉండవచ్చు. జింక్ మెత్తన, త్వరగా అరుగుతుంది. దుకాణాల్లో అయస్కాంతం పెట్టి చూపిస్తుంటారు గానీ ఇత్తడికీ జింక్‌కీ కూడా అది అంటుకోదు. స్టీలు హ్యాండిల్ విషయంలోనూ అంతే. 304 రకానికీ, చవకైన 202 రకానికీ దాదాపు ఒకే ఫలితం వస్తుంది. విశాఖ, కాకినాడ లాంటి తీరపు ఊళ్లలో ఉప్పుగాలికి 202 ముందు తుప్పు పడుతుంది. అందుకని బిల్లు మీద 304 అని రాయించుకోవాలి.

బ్రాండ్లలో గోద్రెజ్ 1897లో బొంబాయిలో తాళాలతోనే మొదలైంది. లింక్‌ది తాళాలకు పేరుపడ్డ అలీగఢ్. యూరోపా, డార్సెట్ కూడా మన దేశపువే. యేల్, హఫెలె, డోర్మకాబా విదేశీ పేర్లు. ఏ కంపెనీ అయినా చవక సిలిండరూ ఖరీదైన సిలిండరూ రెండూ అమ్ముతుంది కాబట్టి పేరును బట్టి కాక మోడల్‌ను బట్టి పోల్చాలి. సర్వీసు మనిషి ఊళ్లో దొరుకుతాడా అన్నది మాత్రం బ్రాండును బట్టి ఉంటుంది.

చుక్కల గుంటలుండే చెవిని మనవాళ్లు కంప్యూటర్ కీ అంటారు. దాన్ని కాపీ చేయలేరన్న నమ్మకం సరికాదు. దానికి తగిన మెషీను ఉన్న షాపులో సులువుగానే చేసిస్తారు. కాపీని నిజంగా అడ్డుకునేది పేటెంట్ ఉన్న చెవి. దాని ఖాళీ చెవులను కంపెనీ బయట అమ్మదు, సెక్యూరిటీ కార్డు చూపిస్తేనే కొత్తది చేసిస్తుంది. పేటెంట్ గడువు 20 ఏళ్లు. అది తీరాక ఖాళీ చెవులు బజారులోకి వస్తాయి. అందుకే ఆ మోడల్ పేటెంట్ ఇంకా ఎన్నేళ్లుందో అడగడం మంచిది. చెవిని ఫొటో తీసి పంపడం కూడా ప్రమాదమే. 2008లో శాండియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు 195 అడుగుల దూరం నుంచి తీసిన ఫొటోతోనే చెవి గంట్లను లెక్కగట్టి చూపించారు.

ఇప్పుడు ఒక ఫ్లాటు తలుపు తీసుకుందాం. బిల్డర్ పెట్టిన మార్టిస్ లాక్ ఉంది, హ్యాండిల్ బాగుంది, దాన్ని మార్చనక్కర్లేదు. తలుపు మందం 40 మిల్లీమీటర్లు, రెండువైపులా హ్యాండిల్ పలకలు పదేసి మిల్లీమీటర్లు. అంటే మధ్య స్క్రూ నుంచి అటు 30, ఇటు 30, మొత్తం 60 మిల్లీమీటర్ల సిలిండర్ కావాలి. షాపులో 70ది ఉందని అదే ఇస్తే బయటికి 5 మిల్లీమీటర్లు పొడుచుకొస్తుంది. ఆ కాస్త చాలు, పట్టకారుతో పట్టి విరిచేస్తారు. సిలిండర్ నడుమ స్క్రూ రంధ్రం ఉన్నచోటే అది అన్నిటికంటే సన్నన, విరిగేదీ అక్కడే. పలక కంటే రెండు మిల్లీమీటర్లకు మించి బయటికి రాకూడదు.

మార్చడం పది నిమిషాల పని. తలుపు తెరిచి, అంచు పలకలో సిలిండర్‌కు ఎదురుగా ఉన్న పొడవాటి స్క్రూ విప్పాలి. చెవి పెట్టి కొద్దిగా తిప్పుతూ లాగితే, లోపలి నాలుక సిలిండర్‌తో సమంగా వచ్చిన క్షణాన అది జారి బయటికొస్తుంది. కొత్తదాన్ని అలాగే దూర్చి స్క్రూ బిగించాలి. పెద్దవాళ్లున్న ఇంట్లో లోపలివైపు చెవికి బదులు తిప్పే బిళ్ల ఉన్న రకం తీసుకుంటే, చెవి వెతుక్కోకుండానే తలుపు తీసుకోవచ్చు. రెండువైపులా చెవే కావాలంటే, లోపల చెవి ఉండిపోయినా బయటినుంచి తెరుచుకునే ఎమర్జెన్సీ రకం అడగాలి.

సిలిండర్ కొత్తదైనా ద్వారబంధంలో బోల్టు గూడు లోతు చాలకపోతే తాళం సగమే పడుతుంది. బోల్టు 20 మిల్లీమీటర్లు బయటికొస్తే గూడూ అంతకు తగ్గకూడదు. పలకకు అరంగుళం స్క్రూలు కాక రెండంగుళాలవి వేయించుకోవాలి. వడ్రంగికి కూలి ఇచ్చే ముందు ఒక పరీక్ష ఉంది. తలుపు తెరిచి ఉంచి చెవి తిప్పాలి, తర్వాత మూసి తిప్పాలి. తెరిచినప్పుడు తేలిగ్గా తిరిగి, మూసినప్పుడు బిగుసుకుంటే లోపం సిలిండర్‌లో లేదు, గూడు పక్కకు తొలిచారు. అలాంటప్పుడు చెవి రంధ్రంలో కొబ్బరినూనె పోయకూడదు. అది దుమ్మును పట్టి పిన్నులను అతికించేస్తుంది. గూడును రెండు మిల్లీమీటర్లు సరిచేయించి, సిలిండర్‌లో ఎప్పుడైనా బిగువు కనిపిస్తే గ్రాఫైట్ పొడి వాడాలి. పాత సిలిండర్‌ను దాని చెవులతో సహా దాచి పెట్టుకుంటే, మళ్లీ ఇంట్లో పనివాళ్లు దిగినప్పుడు ఆ కొన్నాళ్లకూ దాన్నే బిగించుకోవచ్చు.