'ఆఫ్' అని రాస్తే విశ్రాంతి అయిపోతుందా?

శాంతిపురం మండలంలోని ఒక ఇంటి ఆడపిల్ల కుప్పంలోని ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా పనిచేస్తోందనుకుందాం. మంగళవారం రాత్రి డ్యూటీ ముగించుకొని బుధవారం ఉదయం ఎనిమిదికి వార్డు అప్పగించింది. రోటాలో బుధవారం గడిలో 'ఆఫ్' అని ఉంది. గురువారం ఉదయం ఎనిమిదికి మళ్ళీ డ్యూటీ. చూసేవారికి ఆమెకు వారపు సెలవు దొరికినట్లే కనిపిస్తుంది. నిజానికి దొరికింది 24 గంటలు. అందులో బస్సు ప్రయాణాలు పోను మిగిలిన పగలంతా నిద్రకే సరిపోతుంది. పైగా 'ఈ రోజు సెలవే కదా' అని ఇంట్లోవారు వంట పని అప్పగిస్తే ఆ నిద్రా ఉండదు.

నర్సుల విషయమై అంతర్జాతీయ కార్మిక సంస్థ 1977లో చేసిన సిఫారసు రెండు డ్యూటీల మధ్య కనీసం 12 గంటల విరామం ఉండాలంటుంది. వారపు విశ్రాంతి ఎడతెగకుండా 48 గంటలు ఉండాలని, ఏ పరిస్థితిలోనూ 36 గంటలకు తగ్గరాదని, వారపు పని 40 గంటల వైపు తగ్గుతూ రావాలని కూడా చెబుతుంది. ఇది సిఫారసే, చట్టం కాదు. అయినా రోటాను తూచడానికి మంచి తూనికరాయి.

మన ప్రాంతంలో పరిచితమైన పద్ధతినే తీసుకుందాం: ఉదయం 8 నుండి 2, మధ్యాహ్నం 2 నుండి 8, రాత్రి 8 నుండి ఉదయం 8. ప్రతి డ్యూటీలో ఇద్దరు చొప్పున ఉంటే వార్డుకు వారానికి 336 గంటల పని. ఎనిమిది మంది నర్సులుంటే తలకు 42 గంటలు. సోమ, మంగళ రాత్రులు చేసినవారికి బుధ, గురువారాలు వదిలి, శుక్రవారం నుండి మూడు పగటి డ్యూటీలు వేస్తే 42 గంటలూ నిండుతాయి, 48 గంటల విశ్రాంతీ దక్కుతుంది.

అయితే నాలుగు వారాల్లో 56 రాత్రి డ్యూటీలను ఎనిమిది మందికి పంచితే తలకు ఏడు. అంటే మూడు వారాలు రెండేసి, ఒక వారం ఒక్క రాత్రి. ఆ వారంలో 42 గంటలు పూర్తిచేయాలంటే ఐదు పగటి డ్యూటీలు చేయాలి. 48 గంటల విరామం కుదరడం కష్టం, 36 గంటలు వచ్చినా గొప్పే. ఇక ఒకరు ప్రసూతి సెలవుపై వెళ్తే మిగిలిన ఏడుగురికి తలకు 48 గంటలు, ఎనిమిది రాత్రులు. రోటాను ఎంత నేర్పుగా వేసినా ఈ లోటు పూడదు. పనిలో తొమ్మిది మంది నర్సులు ఉంటేనే పని తలకు సుమారు 37 గంటలకు దిగుతుంది.

రాత్రుల పంపకంలో న్యాయం ఉందో లేదో ఒక్క నెల రోటా చెప్పదు. ఎవరు ఎన్ని రాత్రులు, ఎన్ని ఆదివారాలు, ఎన్ని పండుగలు చేశారో రిజిస్టరులో నెలనెలా ముందుకు మోస్తూ రావాలి. అప్పుడే బరువంతా కొత్తగా చేరినవారిపై, కాంట్రాక్టు వారిపై పడుతున్న సంగతి బయటపడుతుంది. రంజాన్‌లో ఇఫ్తార్ వేళ మధ్యాహ్నపు డ్యూటీలోనే వస్తుంది. ఆ డ్యూటీని సహోద్యోగి తీసుకుంటే, క్రిస్మస్ నాడో సంక్రాంతి నాడో ఆమె డ్యూటీని మన అమ్మాయి చేస్తుంది. ఈ మార్పిడిని కూడా రిజిస్టరులో రాసి, దానివల్ల ఇద్దరిలో ఎవరి 12 గంటల విరామమైనా తెగుతుందేమో చూసుకున్న తరువాతే ఇన్‌చార్జి సిస్టర్ సంతకం చేయాలి.