కక్షిదారు దాచమన్నది, కోర్టుకు దాచకూడనిది

ఇద్దరు అన్నదమ్ములు. భువనగిరి దగ్గరి ఊళ్లో తండ్రి వదిలిపోయిన నాలుగెకరాల పొలం. ఇది ఫలానా కుటుంబం కథ కాదు, భాగపంపకాల దావాల్లో తరచూ ఎదురయ్యే చిక్కులన్నీ ఒకచోట చేర్చి చెబుతున్న ఉదాహరణ. వకీలు వృత్తిలో అసలు పరీక్షలు పెద్ద పెద్ద కుంభకోణాల్లో కంటే ఇలాంటి చిన్న దావాల్లోనే ఎక్కువగా ఎదురవుతాయి.

ముందుగా తమ్ముడు ఒక వకీలు దగ్గరికి వెళ్లాడు. తనకు రావాల్సిన సగం కోసం దావా వేయాలన్నాడు. తన దగ్గర ఏ కాగితాలున్నాయో, ఏ సాక్షి వెనకాడుతున్నాడో అన్నీ చెప్పుకున్నాడు. దావా ఎలా వేయాలో వకీలు సలహా ఇచ్చాడు. ఫీజు దగ్గర మాట కుదరక తమ్ముడు వేరేచోటికి వెళ్లిపోయాడు. వకాల్తా మీద సంతకం కాలేదు, రూపాయి చేతులు మారలేదు. నెల తిరిగాక అన్న అదే ఆఫీసు మెట్లెక్కాడు.

ఇప్పుడా వకీలు అన్న తరఫున నిలబడవచ్చా? వకాల్తా లేదు కాబట్టి తప్పేముంది అని చాలామంది అనుకుంటారు. భారత బార్ కౌన్సిల్ నియమాల్లో 33వది అలా అనదు. దావా వేయడం గురించి ఒక పక్షానికి సలహా ఇచ్చినా చాలు, ఆ వ్యవహారంలో అవతలి పక్షం తరఫున పనిచేయకూడదు. డబ్బు ముట్టిందా లేదా అన్నది అక్కడ లెక్కలోకి రాదు. తమ్ముడి సాక్షి ఎక్కడ తడబడతాడో తెలిసిన మనిషి రేపు అదే సాక్షిని క్రాస్ చేస్తే, తెలిసింది మరిచిపోయి ప్రశ్నలు అడగడం ఎవరి తరమూ కాదు. అందుకే నియమం వకీలు మంచితనాన్ని నమ్ముకోకుండా అతన్ని ఆ దావాకే దూరం పెట్టింది.

వద్దని చెప్పడంలోనూ పద్ధతి ఉంది. "ఈ కేసు నేను తీసుకోలేను" అనడంతో ఆగాలి. "మీ తమ్ముడి దగ్గర సరైన కాగితం లేదులే, భయపడకు" అని ఒక్క మాట జారినా గోప్యత పోయినట్టే. భారతీయ సాక్ష్య అధినియమం 132వ సెక్షన్ ప్రకారం కక్షిదారు స్పష్టంగా ఒప్పుకుంటే తప్ప అతను చెప్పింది వకీలు బయటపెట్టకూడదు. పని ముగిసిపోయినా ఈ బాధ్యత ముగియదు. ఆఫీసులో టైపు చేసే గుమాస్తాకూ ఇదే వర్తిస్తుంది. కోర్టు క్యాంటీన్లో గుమాస్తాల మాటల మధ్య కక్షిదారుల గుట్టు బయటపడకుండా చూసుకోవడం కూడా వకీలు పనే. 1872 నాటి సాక్ష్య చట్టంలో 126, 127 సెక్షన్లుగా ఉన్నవే 2024 జులై 1 నుంచి కొత్త అంకెతో నడుస్తున్నాయి.

అన్న రెండో వకీలును చూసుకున్నాడు. ఫైల్లోంచి ఒక పారీఖత్తు తీసి ఇచ్చాడు. 2009 తేదీ, పాత స్టాంపు కాగితం, తండ్రి సంతకం. పొలమంతా అన్నకు, ఊళ్లోని ఇంటి స్థలం తమ్ముడికి అని రాసి ఉంది. వకీలు రెండోసారి చదివేటప్పుడు చిరునామా దగ్గర ఆగిపోయాడు. అందులో యాదాద్రి భువనగిరి జిల్లా అని ఉంది. ఆ జిల్లా ఏర్పడింది 2016 అక్టోబరులో. 2009లో ఆ ఊరు నల్గొండ జిల్లాలో ఉంది. స్టాంపు కాగితం పాతదే, రాత మాత్రం కొత్తది.

అడిగితే అన్న దాచలేదు. "పాత కాగితం ఒకటి ఇంట్ల ఉండె సార్. నాయిన బతికున్నప్పుడు చెప్పిన మాటే కదా, మొన్న రాయించినం. మీకు చెప్పకపోతే ఇంకెవరికి చెప్తం?"

చట్టం గీసిన గీత సరిగ్గా ఇక్కడే ఉంది. అన్న మీద ఫోర్జరీ కేసు నడుస్తూ, "అవును సార్, రాయించినం, నన్ను కాపాడండి" అని వకీలుతో చెప్పుకుంటే ఆ మాటకు పూర్తి రక్షణ ఉంది. జరిగిపోయిన తప్పును వకీలు దగ్గర ఒప్పుకోలేని మనిషికి న్యాయ సహాయం అందదు. "ఈ కాగితంతో దావా గెలిపించండి" అంటే మాత్రం అది జరగబోయే మోసానికి సాయం అడగడం. ఆ మాటకు 132వ సెక్షన్ రక్షణ లేదు. అలాంటి కాగితాన్ని దొంగదని తెలిసీ కోర్టులో పెడితే వకీలు తానే మోసంలో భాగస్వామి అవుతాడు. అడ్డదారి పట్టే కక్షిదారును కట్టడి చేయడానికి ప్రయత్నించాలని, వినకపోతే వదులుకోవాలని బార్ కౌన్సిల్ నియమాలూ చెబుతున్నాయి.

కాగితాన్ని పక్కన పెట్టడమంటే అన్నను వదిలేయడం కాదు. 2009లో నోటిమాటగా పంపకం నిజంగానే జరిగి ఉంటే, ఆనాటి నుంచి పొలం ఎవరి సాగులో ఉందో పహాణీలు చెబుతాయి, పెద్దమనుషులు సాక్ష్యం చెబుతారు. అబద్ధపు కాగితం లేకుండా ఆ వాదన నిలబడవచ్చు, పడిపోనూవచ్చు. కాగితం పెట్టాక జిల్లా పేరు బయటపడితే నిజమైన పంపకాన్ని కూడా జడ్జి నమ్మరు. వకీలు అన్నకు కూర్చోబెట్టి చెప్పాల్సింది ఇదే.

అంతకంటే కష్టమైన ఘట్టం ఇంకొకటుంది. వకీలు జిల్లా పేరు గమనించలేదనుకుందాం. పారీఖత్తు కోర్టులో మార్కయింది. సాక్ష్యం సగంలో ఉండగా అన్న అసలు సంగతి చెప్పాడు. ఇక ఆ కాగితం మీద ఆధారపడి ఒక్క మాట కూడా వాదించకూడదు. దాన్ని వెనక్కి తీసుకోమని అన్నకు నచ్చజెప్పాలి. ససేమిరా అంటే ముందుగా నోటీసిచ్చి, చేయని పనికి తీసుకున్న ఫీజు తిరిగిచ్చి, కోర్టు అనుమతితో వకాల్తా నుంచి తప్పుకోవాలి. తప్పుకునే మెమోలో కారణాలు ఏకరువు పెట్టకూడదు. ఫీజు బాకీ ఉందని ఫైలు అట్టిపెట్టుకోవడానికీ వీల్లేదు, 2000లోనే సుప్రీంకోర్టు ఆ సంగతి తేల్చింది. జడ్జి సూటిగా అడిగితే "చెప్పే స్వేచ్ఛ నాకు లేదు" అనవచ్చు. "కాగితం నిజమైనదే" అని మాత్రం అనకూడదు.

మోసం ఎప్పుడూ కక్షిదారు వైపు నుంచే వస్తుందనీ లేదు. 2000లో సుప్రీంకోర్టు తీర్పిచ్చిన జైపూర్ కేసులో, పాఠశాల నడుపుకుంటున్న ఒకాయన ఖాళీ వకాల్తా మీద, తెల్ల కాగితం మీద సంతకాలు చేసి వకీలుకు ఇచ్చాడు. ఆ సంతకాలతోనే, ఖాళీ చేయడానికి ఒప్పుకున్నట్టు ఆయనకు తెలియకుండా రాజీ పత్రం దాఖలైంది. అది వృత్తిపరమైన దుష్ప్రవర్తనేనని కోర్టు నిర్ధారించింది. రద్దీలో "ఇక్కడ సంతకం పెట్టు, తర్వాత నింపుకుంటాం" అంటే పెట్టకండి. అలాంటిది జరిగితే అడ్వకేట్ల చట్టం 35వ సెక్షన్ కింద రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చు.

మన నియమాల్లో ఒక లోటు నన్ను కలవరపెడుతుంది. దొంగ కాగితం ఎగ్జిబిట్‌గా మారాక వకీలు తప్పుకుంటాడు, సరే. కాగితం మాత్రం ఫైల్లోనే ఉండిపోతుంది. ఏమీ తెలియని మూడో వకీలు వచ్చి దాని మీదే వాదిస్తాడు. అమెరికన్ బార్ అసోసియేషన్ నమూనా నియమాల్లో 3.3వది ఇక్కడ ఖరాఖండిగా ఉంటుంది: తాను పెట్టిన సాక్ష్యం అబద్ధమని తెలిస్తే సరిదిద్దాలి, వేరే దారి లేకపోతే గోప్యత దాటి కోర్టుకు చెప్పాలి. మన బార్ కౌన్సిల్ నియమాలు ఈ ఘట్టం గురించి ఇంత తేటగా చెప్పవు. కోర్టుకు ఎంత చెప్పాలో, ఏ దశలో చెప్పాలో మన దగ్గరా రాతపూర్వకంగా తేలాలని నా అభిప్రాయం. అంతవరకు తమ్ముడి వకీలు ఆ జిల్లా పేరు గమనిస్తాడా లేదా అన్నదాని మీదే రెండెకరాల భవిష్యత్తు ఆధారపడి ఉంటుంది.