వచ్చిన వరుస మరిచిపోవచ్చు

గోదాము నుంచి బయల్దేరిన వ్యాను 11 ఊళ్లలో సరుకు దించి తిరిగి గోదాముకే రావాలి. ఏ ఊరికీ రెండోసారి వెళ్లకూడదు. మొత్తం దూరం వీలైనంత తగ్గాలి. దీన్నే ట్రావెలింగ్ సేల్స్‌మన్ సమస్య అంటారు. గోదాముతో కలిపి 12 చోట్లే అయినా, వరుసలన్నీ రాసి చూస్తే 3,99,16,800 వస్తాయి. ఊళ్లు పెరిగేకొద్దీ ఈ లెక్క చేయి దాటిపోతుంది.

1962లో రిచర్డ్ బెల్‌మన్ ఒకవైపు, మైకేల్ హెల్డ్, రిచర్డ్ కార్ప్ మరోవైపు ఒకే కిటుకు చూపించారు. గోదాము 0, ఊళ్లు 1 నుంచి 11 అనుకుందాం. వ్యాను 1, 2, 3 ఊళ్లు తిరిగి ఇప్పుడు 3లో ఉంది. 0–1–2–3 దారిలో 10, 35, 20 కలిపి 65 కిలోమీటర్లు. 0–2–1–3 దారిలో 15, 35, 25 కలిపి 75. ఇక మిగిలిన 8 ఊళ్లను ఏ వరుసలో తిరిగినా, ఆ దూరం రెండు దారులకూ ఒకటే. కాబట్టి 75ను నిశ్చింతగా కొట్టేయొచ్చు. ఆ ఒక్క కొట్టివేతతో 40,320 పూర్తి వరుసలు పోతాయి.

అంటే గుర్తుంచుకోవాల్సినవి రెండే: ఏయే ఊళ్లు అయిపోయాయి, ఇప్పుడు ఎక్కడున్నాం. రెండోది వదిలేస్తే మాత్రం కుదరదు, తర్వాతి ఊరికి దూరం లెక్కేసేది అక్కడి నుంచే కదా!

అయిపోయిన ఊళ్ల జాబితాను ఒకే సంఖ్యలో దాచడానికే బిట్‌మాస్క్. గోదాముతో సహా ఊరికో బిట్, వెళ్తే 1, లేకపోతే 0. పై ఉదాహరణలో 0, 1, 2, 3 బిట్లు వెలిగాయి, మాస్క్ 15. ఆ 65ను `dp[15][3]`లో రాస్తాం. `dp[1][0]`లో సున్నా, మిగతా గళ్లలో చాలా పెద్ద సంఖ్య పెట్టి మొదలుపెట్టాలి. `n` గోదాముతో కలిపి మొత్తం చోట్లు, `d` దూరాల పట్టిక.

```cpp
for (int m = 1; m < (1 << n); m++)
  for (int j = 0; j < n; j++) if (m & (1 << j))
    for (int k = 0; k < n; k++) if ((m & (1 << k)) == 0) {
      int t = m | (1 << k);
      dp[t][k] = min(dp[t][k], dp[m][j] + d[j][k]);
    }
```

కొత్త ఊరు చేరితే మాస్క్ పెరుగుతుందే తప్ప తగ్గదు. అందుకే చిన్న మాస్క్ నుంచి పెద్దదానికి వెళ్తే చాలు, కావాల్సిన గడి అప్పటికే నిండి ఉంటుంది. చివర్లో అన్ని బిట్లూ వెలిగిన అడ్డువరుసలో, ఒక్కో ఊరి నుంచి గోదాముకు తిరుగు దూరం కలిపి, అన్నిటికన్నా చిన్నది తీసుకోవాలి. పట్టికలో గళ్లు 49,152 మాత్రమే.

జవాబుగా ఆ పెద్ద సంఖ్యే వస్తోందంటే ముందు `== 0` దగ్గర చూడండి. `m & (1 << k)` చుట్టూ బ్రాకెట్లు లేకపోతే C++ ముందు `==`ను తేలుస్తుంది, షరతు ఎప్పటికీ నెరవేరదు, ఒక్క గడీ కదలదు. జవాబు రుణసంఖ్య అయితే తప్పు వేరే: `INT_MAX`కు దూరం కలిపి పరిమితి దాటించారు. మొదట్లో 100 కోట్లు పెట్టుకుంటే ఆ బెడద ఉండదు.

20 చోట్లకు గళ్లు 2 కోట్లు దాటినా, గడికి 4 బైట్ల చొప్పున 84 మెగాబైట్లే. 30కి దాదాపు 129 గిగాబైట్లు కావాలి. అక్కడ ఈ పద్ధతి వదిలి వేరేది వెతుక్కోవాల్సిందే.